నిమిషానికో పందెం: బైనరీ ట్రేడింగ్ యాప్‌లలో డబ్బు ఎటు పోతుంది

ప్రొద్దుటూరులో గానీ, ఆదోనిలో గానీ, అనంతపురం కాలేజీ హాస్టళ్ల దగ్గర గానీ సాయంత్రం పూట టీ కొట్టు ముందు కాసేపు నిలబడితే ఫోన్లలో ఒక గ్రాఫు పాకుతూ కనిపిస్తుంది. కింద రెండు బటన్లు ఉంటాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. రేటు పెరుగుతుందనుకుంటే ఆకుపచ్చది, తగ్గుతుందనుకుంటే ఎరుపుది నొక్కాలి. నిమిషం గడిచేలోగా ఫలితం తేలిపోతుంది. గెలిస్తే పెట్టిన అయిదువందలకి తొమ్మిదివందల పాతిక వస్తాయి. ఓడితే అయిదువందలూ పోతాయి. దీన్ని ఆడేవాళ్లు 'ట్రేడింగ్' అంటారు. ఇంట్లో అడిగితే 'షేర్ మార్కెట్ నేర్చుకుంటున్నా' అని చెప్తారు. ఆ మాట చాలామంది నిజమని నమ్మే చెప్తారు, అబద్ధం చెప్తున్నామన్న ఆలోచన కూడా వాళ్లకి ఉండదు. నాకు బాధ కలిగించేది అదే.

దీని అసలు పేరు బైనరీ ఆప్షన్. ఇందులో షేరు కొనడం లేదు, డాలరు కొనడం లేదు, బంగారం కొనడం లేదు. ఫలానా క్షణంలో ఫలానా రేటు ఇప్పటికంటే పైన ఉంటుందా, కింద ఉంటుందా అని పందెం కాయడం ఒక్కటే ఉంది. పందెం అనగానే మన జిల్లాల్లో వెంటనే గుర్తొచ్చేది మట్కా. కాబట్టి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. పోలిక తిట్టడానికి కాదు. రెండింట్లోనూ నడిపేవాడికి డబ్బు ఎక్కడ మిగులుతుందో లెక్క వేస్తే మిగతా విషయమంతా దానంతట అదే అర్థమవుతుంది.

మట్కాలో రెండంకెల నంబరు ఒకటి రాయిస్తారు. సున్నా సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా మొత్తం వంద నంబర్లు. తగిలితే రూపాయికి ఎనభై ఇచ్చే బీటర్‌ని తీసుకుందాం. వందమంది వంద నంబర్ల మీద తలా ఒక రూపాయి కాస్తే వంద రూపాయలు వస్తాయి, గెలిచిన ఒక్కడికి ఎనభై పోతాయి, ఇరవై కంపెనీకి మిగులుతాయి. అంటే కాసిన ప్రతి వందలో సగటున ఇరవై పోతున్నట్టు. చాలా పెద్ద కోత ఇది.

ఇప్పుడు యాప్ సంగతి. గెలిస్తే ఎనభై అయిదు శాతం లాభం ఇస్తామని రాసి ఉందనుకుందాం. వంద రూపాయల చొప్పున వంద పందేలు కాసి, సగం గెలిచి సగం ఓడితే ఏమవుతుంది? గెలిచిన యాభైకి ఎనభై అయిదు చొప్పున 4,250 రూపాయలు వస్తాయి. ఓడిన యాభైకి వంద చొప్పున 5,000 పోతాయి. నికరంగా 750 నష్టం. కాసిన మొత్తం పదివేలు కాబట్టి ఇది ఏడున్నర శాతం. మట్కా కోత ఇరవై శాతం, యాప్ కోత ఏడున్నర. ఇక్కడిదాకా చూస్తే యాపే నయమనిపిస్తుంది. 'అన్నా, ఇది మట్కా కాదు, ఇందులో చాన్స్ ఫిఫ్టీ ఫిఫ్టీ' అని కుర్రాళ్లు వాదించేది కూడా ఇందుకే.

వాళ్లు వదిలేసే విషయం ఒకటుంది. మట్కా రోజుకి ఒకటి రెండు సార్లే తేలుతుంది. యాప్‌లో నిమిషానికోసారి తేలుతుంది. అయిదువందలు మట్కాకి రాయించినవాడికి ఆ రోజు సగటు నష్టం వంద రూపాయలు. అదే అయిదువందల చొప్పున యాప్‌లో ఒక సాయంత్రం నలభై పందేలు కాసినవాడు మొత్తం ఇరవైవేల రూపాయలు కాసినట్టు లెక్క. జేబులో ఉన్నది పదివేలే కావచ్చు, అవే నోట్లు తిరిగి తిరిగి కాసుండొచ్చు, కోత మాత్రం ఇరవైవేల మీద పడుతుంది. అందులో ఏడున్నర శాతం అంటే పదిహేనువందలు. చిన్న కోతే, కానీ నలభై సార్లు పడింది. బైనరీ యాప్‌ల వ్యాపారమంతా ఈ వేగం మీదే నిలబడి ఉంది. ఒక నిమిషం, ముప్పై సెకన్లు, కొన్నింట్లో అయిదు సెకన్ల పందేలు కూడా పెట్టడం వెనక కారణం ఇదే.

మరి ఇంతగా పోతుంటే జనం ఎలా నమ్ముతున్నారు? దీనికి జవాబు కూడా లెక్కలోనే ఉంది. ప్రొద్దుటూరులో ఒక సెల్‌ఫోన్ షాపులో పనిచేసే కుర్రాడిని ఊహించుకుందాం. పదివేలు వేశాడు. రోజూ షాపు కట్టేశాక నలభై పందేలు, ఒక్కోటి అయిదువందలు. యాప్ ఏ మోసమూ చేయడం లేదనీ, ప్రతి పందెం నిజంగానే బొమ్మా బొరుసూ లాగా సగం సగమనీ అనుకుందాం. నలభైలో ఇరవై రెండు గెలిస్తే లాభంలో ఉంటాడు, ఇరవై ఒకటి గెలిచినా నష్టమే. ఇరవై రెండు, ఆపైన గెలిచే అవకాశం దాదాపు ముప్పై రెండు శాతం. అంటే మొదటి రోజు ఇలా ఆడిన పదిమందిలో ముగ్గురు లాభంతో ఇంటికెళ్తారు. ఆ ముగ్గురే మర్నాడు నలుగురికి చూపిస్తారు. ఓడిన ఏడుగురు ఎవరికీ చెప్పరు.

అదే కుర్రాడు పాతిక సాయంత్రాలు ఆడితే వెయ్యి పందేలవుతాయి. అప్పుడు లాభంలో ఉండాలంటే వెయ్యికి 541 గెలవాలి. సగం సగం ఆటలో అలా జరిగే అవకాశం వెయ్యిలో సుమారు అయిదే. సగటు నష్టం 37,500 రూపాయలు. వాడి దగ్గరున్నది పదివేలు కాబట్టి పాతిక రోజులు పూర్తయ్యేలోపే మళ్లీ డబ్బు వేసి ఉంటాడు, లేదా అప్పు చేసి ఉంటాడు. మొదటి సాయంత్రం వచ్చిన గెలుపుని వాడు తన తెలివి అనుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఓటమిని తన తప్పు అనుకున్నాడు, ఓపిక లేదనో, దురాశ పడ్డాననో. నిజానికి రెండూ వాడి చేతిలో లేవు.

గెలుపు శాతం పెంచుకోవచ్చు కదా, చార్టు చదవడం నేర్చుకుంటే వందకి 55 గెలవలేమా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఎనభై అయిదు శాతం ఇచ్చే ఆటలో ఖర్చులు పోను సమానంగా నిలవాలంటే వందకి 54 కంటే కాస్త ఎక్కువే గెలవాలి. ఒక కంపెనీ షేరు రెండేళ్లలో ఎటు పోతుందో ఆ కంపెనీ లెక్కలు చదివి కొంత అంచనా వేయొచ్చు. యూరో డాలరు రేటు వచ్చే అరవై సెకన్లలో నాలుగో దశాంశ స్థానం దగ్గర ఎటు కదులుతుందో చెప్పడానికి టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషి దగ్గర ఏ సమాచారమూ లేదు. క్యాండిల్ ఆకారాలు, గీతలు, ఇండికేటర్లు ఎన్ని పెట్టుకున్నా అవన్నీ అప్పటికే జరిగిపోయిన రేట్లనే వేరే రకంగా చూపిస్తాయి.

ఇక్కడే 'డబ్లింగ్' అనే పాత మందు అమ్ముడవుతుంది. ఓడితే తర్వాతి పందెం పెంచి కాయి, ఎప్పుడో ఒకసారి గెలుస్తావు, పోయిందంతా ఒక్క దెబ్బకి వస్తుంది అంటారు. యూట్యూబ్‌లో తెలుగులో దీన్ని 'లాస్ రికవరీ' అని నేర్పేవాళ్లున్నారు. వందతో మొదలుపెట్టి, ప్రతిసారీ పోయినదంతా రాబట్టి పైన ఎనభై అయిదు లాభం రావాలనుకుంటే రెట్టింపు సరిపోదు, ఎందుకంటే గెలిచినా వందకి వంద రాదు. రెండో పందెం సుమారు 218, మూడోది 474, నాలుగోది 1,031, అయిదోది 2,244, ఆరోది 4,884. ఆరు వరసగా పోతే మొత్తం 8,950 రూపాయలు పోయినట్టు. ఏడో పందేనికి పదివేల ఆరువందలు కావాలి, జేబులో వెయ్యే మిగిలింది. ఆరు వరసగా పోవడం అరుదు కదా అనిపిస్తుంది. సగం సగం ఆటలో వంద పందేలు ఆడితే ఎక్కడో ఒకచోట ఆరు ఓటములు వరసగా వచ్చే అవకాశం సగం కంటే ఎక్కువ. రోజుకి నలభై ఆడేవాడికి ఇది మూడు రోజుల్లోపు ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. డబ్లింగ్ వల్ల చిన్న చిన్న లాభాలు చాలా వచ్చి, ఒక్క సాయంత్రం మొత్తం ఊడ్చుకుపోతుంది. కోత మాత్రం అదే ఏడున్నర శాతం, దాన్ని ఏ పద్ధతీ తగ్గించలేదు.

ఇంతవరకు యాప్ నిజాయితీగా నడుస్తోందనుకునే లెక్క వేశాం. ఇప్పుడు ఆ ఊహని కూడా పక్కన పెట్టి చూద్దాం. మన స్టాక్ ఎక్స్ఛేంజీలో నువ్వు కొంటే అటుపక్క అమ్మేవాడు ఇంకో మనిషి. నీ డబ్బుకీ అతని షేరుకీ మధ్య క్లియరింగ్ కార్పొరేషన్ హామీగా నిలుస్తుంది. బ్రోకరుకి నువ్వు గెలిచినా ఓడినా అదే బ్రోకరేజీ. బైనరీ యాప్‌లో అటుపక్క ఉన్నది ఆ యాపే. నువ్వు నొక్కిన బటన్ ఏ మార్కెట్‌కీ వెళ్లదు. నీ డబ్బు పెట్టుకున్నది వాళ్లే, తెరమీద రేటు చూపించేది వాళ్లే, గడువు క్షణంలో ఏ రేటుని లెక్కలోకి తీసుకోవాలో చెప్పేది వాళ్లే, నువ్వు ఓడితే ఆ సొమ్ము వెళ్లేది కూడా వాళ్ల దగ్గరికే. ఒకే మనిషి నాలుగు కుర్చీల్లో కూర్చున్నాడు. అడిగేవాడు లేడు.

దీన్ని ఎవరైనా తమ ఫోన్లోనే పరీక్షించుకోవచ్చు. ప్రపంచ విదేశీ మారక మార్కెట్ మన టైము ప్రకారం సోమవారం తెల్లవారుజామున తెరుచుకుని శనివారం తెల్లవారుజామున మూసుకుంటుంది. మధ్యలో రాత్రింబగళ్లు నడుస్తుంది, శని ఆదివారాల్లో ఉండదు. ఆదివారం మధ్యాహ్నం యాప్ తెరవండి. యూరో డాలరు గ్రాఫు మామూలుగానే పాకుతూ ఉంటుంది. పేరు పక్కన చిన్న అక్షరాల్లో EUR/USD OTC అని ఉంటుంది. బ్యాంకులు మూసి ఉన్న రోజున, మార్కెట్టే లేని వేళ, ఆ గీత ఎక్కడి నుంచి వస్తోంది? వాళ్ల కంప్యూటర్ తయారు చేసిన అంకెలు అవి. వాటిని పక్కనున్న ఇంకే వెబ్‌సైట్‌తోనూ పోల్చి చూడలేం, ఎందుకంటే అవి ఇంకెక్కడా లేవు. ఎక్కువ శాతం లాభం ఇస్తామని ఊరించేది కూడా చాలాసార్లు ఈ ఓటీసీ జతల మీదే. పందెం కాసిన వాళ్లలో ఎక్కువమంది ఎటు నొక్కారో తెలిసిన వాడి చేతిలోనే గీత కూడా ఉంటే, అది సరిగ్గానే గీస్తున్నాడని నమ్మడానికి మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు. మోసం జరుగుతోందని నేను ప్రతి యాప్ గురించీ అనడం లేదు. జరిగితే పట్టుకునే దారి ఆడేవాడికి లేదు అంటున్నాను.

ఫారెక్స్ పేరుతో వచ్చే యాప్‌లు కొంచెం వేరు. అక్కడ గడువు ఉండదు, 'లెవరేజ్' ఉంటుంది. పదివేలు వేసి ఒకటికి అయిదువందలు లెవరేజ్ తీసుకుంటే యాభై లక్షల రూపాయల లావాదేవీ చేస్తున్నట్టు. అంత పెద్ద మొత్తం మీద రేటు 0.2 శాతం అడ్డం తిరిగితే పదివేలు గుండు సున్నా. యూరో డాలరు ఒక మామూలు రోజులో అంతకంటే ఎక్కువే కదులుతుంది. కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య తేడా ఒక్క పిప్, అంటే నాలుగో దశాంశ స్థానంలో ఒక్క అంకె, ఉన్నా లోపలికి అడుగు పెట్టగానే దాదాపు 450 రూపాయలు పోయినట్టే. యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో లెక్క తీస్తే రేటు తేడా మీదే లాభనష్టాలు తేల్చే ఇలాంటి సీఎఫ్‌డీ ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని తేలింది. వాళ్లు లెవరేజ్‌ని గరిష్ఠంగా ఒకటికి ముప్పైకి కుదించారు. బైనరీ ఆప్షన్లనైతే 2018 జులై 2 నుంచి సామాన్య మదుపరులకి అమ్మడమే ఆపేశారు. బ్రిటన్ 2019 ఏప్రిల్‌లో శాశ్వతంగా నిషేధించింది, ఆస్ట్రేలియా 2021 మేలో నిలిపేసింది. ఇజ్రాయెల్ అంతకంటే ముందే, 2017 అక్టోబరులో, తన గడ్డ మీద నుంచి ఈ వ్యాపారం నడపకూడదని చట్టం చేసింది. ఈ వ్యాపారానికి పెద్ద అడ్డా అప్పట్లో ఆ దేశమే. అక్కడ తలుపులు మూసుకున్న సరుకే ఇవాళ మన ఫోన్లలో తెలుగు ప్రకటనలతో తిరుగుతోంది.

ఆ అడ్డాలో పని ఎలా జరిగేదో అమెరికా కోర్టు రికార్డుల్లో ఉంది. యూకమ్ కమ్యూనికేషన్స్ అనే కంపెనీ ఇజ్రాయెల్ నుంచి కాల్ సెంటర్ నడిపేది. ఫోన్ చేసేవాళ్లు దొంగపేర్లు పెట్టుకుని, లేని చదువులూ లేని అనుభవాలూ చెప్పి, 'మీకు లాభం వస్తేనే మాకు కమిషన్' అని నమ్మించేవాళ్లు. నిజానికి ఖాతాదారు ఓడితేనే కంపెనీకి ఆదాయం. ఆ కంపెనీ సీఈఓ లీ ఎల్బాజ్‌కి 2019 డిసెంబరులో ఇరవై రెండేళ్ల జైలు శిక్ష పడింది. మనవాళ్లకి ఫోన్ చేసే 'అకౌంట్ మేనేజర్' చెప్పే మాటలు వింటే, ఆ కేసులో సాక్ష్యంగా వచ్చిన మాటలే తెలుగులో వింటున్నట్టు ఉంటుంది.

మన దగ్గర ఆ పనిని ఎక్కువగా టెలిగ్రామ్ చానళ్లు చేస్తున్నాయి. ఉచితంగా సిగ్నల్స్ ఇస్తామంటారు, కాకపోతే తమ లింకు ద్వారానే కొత్త ఖాతా తెరవాలంటారు. ఆ లింకులోనే అసలు సంగతి ఉంది. చాలా ప్లాట్‌ఫారాలు లింకు ద్వారా వచ్చినవాడు పోగొట్టుకున్న దానిలో ఇంత శాతం అని తెచ్చినవాడికి ఇస్తాయి. కొన్ని సగానికి పైగా వాటా ఇస్తామని బాహాటంగానే ప్రకటించుకుంటాయి. అంటే నీకు సిగ్నల్ ఇచ్చే 'గురువు'కి నీ ఓటమిలో జీతం ఉంది. ఈ ఒక్క విషయం తెలిసినవాడు ఆ చానల్లో ఒక్క నిమిషం కూడా ఉండడని నా నమ్మకం.

అయినా సిగ్నల్స్ నిజంగానే వరసగా తగులుతాయి కొందరికి. అదెలాగంటే, 1,600 మంది సభ్యుల్ని వేరువేరు గ్రూపుల్లో పెట్టుకున్నవాడు సగం మందికి 'పైకి' అనీ సగం మందికి 'కిందికి' అనీ పంపుతాడు. ఒక సగానికి తగులుతుంది. ఆ 800 మందిని మళ్లీ సగం చేస్తాడు. నాలుగు సిగ్నల్స్ అయ్యేసరికి వందమంది మిగులుతారు. వాళ్ల కళ్లముందు ఆయన వరసగా నాలుగుకి నాలుగూ సరిగ్గా చెప్పాడు. వీఐపీ గ్రూపు ఫీజు అడిగేది ఆ వందమందినే. ఇంత శ్రమ కూడా పడనివాళ్లు తప్పిన మెసేజ్‌లని డిలీట్ చేసి, తగిలినవే ఉంచుతారు. లైవ్‌లో లక్షలు గెలుస్తున్నట్టు చూపించేది చాలాసార్లు డెమో ఖాతాలోని ఉత్తుత్తి డబ్బు.

ఇక డబ్బు లోపలికీ బయటికీ వెళ్లే దారి. నా దృష్టిలో మన జిల్లాలకి అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పోగొట్టుకున్న పదివేలు పదివేలతో పోతాయి, ఇది మాత్రం పోలీసు కేసు దాకా తీసుకెళ్తుంది. ఈ విదేశీ కంపెనీలకి మన దేశంలో బ్యాంకు ఖాతా తెరిచి ట్రేడింగ్ డబ్బు తీసుకునే అనుమతి లేదు. అందుకని డిపాజిట్ నొక్కగానే ఒక యూపీఐ క్యూఆర్ వస్తుంది. చెల్లించేటప్పుడు పేరు చూడండి. ఏదో కిరాణా కొట్టు పేరు ఉంటుంది, లేదా ఏ రాష్ట్రం వాడో తెలియని ఒక మనిషి పేరు. ఇవాళ ఒక పేరు, రేపు ఇంకో పేరు. ఇవన్నీ అద్దెకి తీసుకున్న ఖాతాలు. 'మీ అకౌంటూ ఏటీఎం కార్డూ సిమ్మూ ఇవ్వండి, నెలకింత ఇస్తాం' అని డిగ్రీ పిల్లల్ని అడిగి తీసుకునేవి ఇవే. నిజమైన బ్రోకరుకి డబ్బు పంపితే బ్రోకరు కంపెనీ పేరే కనిపిస్తుంది, మనిషి పేరు కనిపించదు. ఏ యాప్‌నైనా తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు.

డబ్బు బయటికి వచ్చేటప్పుడు ఇదే దారి తిరగబడుతుంది. మన సెల్‌ఫోన్ షాపు కుర్రాడు ఒకరోజు గెలిచి ఆరువేలు విత్‌డ్రా పెట్టాడనుకుందాం. అతని ఖాతాలో ఆరువేలు పడ్డాయి, పంపినవాడి పేరు కొత్తది. ఆ ఖాతాలోకి అంతకుముందు వచ్చిన డబ్బు ఎవరిది? ఎక్కడో గుజరాత్‌లోనో కేరళలోనో సైబర్ మోసంలో పోగొట్టుకున్న ఒక పెద్దాయనది కావచ్చు. ఆయన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తాడు. ఆ ఫిర్యాదు ఆన్‌లైన్‌లో బ్యాంకులకి చేరుతుంది, డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి ఎలా జారిందో బ్యాంకులు వెంటాడుకుంటూ వస్తాయి, ఆ గొలుసులో చివరన ఉన్న ఈ కుర్రాడి ఖాతాలో ఆ మొత్తాన్ని, కొన్నిసార్లు ఖాతా మొత్తాన్నీ ఆపేస్తాయి. జీతం అదే ఖాతాలో పడుతుంది. ఇంటి కిస్తీ అందులోంచే కట్ అవ్వాలి. తాను గెలిచిన ఆరువేలే తనని పట్టిస్తాయని అతను కలలో కూడా అనుకోలేదు.

గెలిచినా డబ్బు రాని సందర్భాలు ఇంకా ఎక్కువ. మొదటి దారి బోనస్. అయిదువేలు వేస్తే అయిదువేలు బోనస్ అంటారు. షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది: బోనస్‌కి ఇన్ని రెట్లు పందేలు కాశాకే విత్‌డ్రా. నలభై రెట్లు అనుకుంటే రెండు లక్షల రూపాయల పందేలు కాయాలి. దాని మీద ఏడున్నర శాతం కోత పదిహేనువేలు. ఖాతాలో ఉన్నది బోనస్‌తో కలిపి పదివేలు. షరతు తీరేలోపే సగటున డబ్బు అయిపోయేలా లెక్క కట్టారన్నమాట. బోనస్ వద్దని వదిలేసుకునే వెసులుబాటు ఉంటే వదులుకోవడమే మేలు.

రెండో దారిలో యాప్ పూర్తిగా బూటకం. పందెం కూడా ఉండదు, తెరమీద అంకెలు మాత్రమే. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన మనిషి ఒక ఫారెక్స్ సైటు చూపిస్తాడు, ఇరవైవేలు వేస్తే వారంలో ముప్పైవేలు కనిపిస్తాయి. అడిగితే అయిదువేలు నిజంగానే వెనక్కి పంపిస్తారు. ఆ అయిదువేలు చూసి నమ్మి, బంగారం తాకట్టు పెట్టి లక్షలు వేస్తారు. పెద్ద మొత్తం తీసుకుందామంటే 'లాభం మీద ముప్పై శాతం ట్యాక్స్ ముందుగా కట్టాలి' అని వస్తుంది. కడితే 'వెరిఫికేషన్ చార్జీ', అదీ కడితే ఇంకేదో. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: ఖాతాలో నిజంగా డబ్బు ఉంటే కట్టాల్సిన చార్జీని అందులోంచే కోసుకోవచ్చు. ఆదాయపు పన్ను మనం ప్రభుత్వానికి కడతాం, యాప్ వాడి యూపీఐకి కాదు. బయటి నుంచి కొత్త డబ్బు తెమ్మని అడిగారంటే లోపల డబ్బు లేదని అర్థం. ఆ తర్వాత కొన్నాళ్లకి 'మీ పోయిన డబ్బు రాబట్టి పెడతాం' అని ఒక లాయరో, సైబర్ నిపుణుడో ఫోన్ చేస్తాడు. అతనికి మీ నంబరు ఇచ్చింది చాలాసార్లు మొదటి ముఠాయే.

చట్టం సంగతి కూడా స్పష్టంగానే ఉంది. ఫెమా చట్టం ప్రకారం విదేశీ మారక లావాదేవీలు రిజర్వు బ్యాంకు అనుమతించిన సంస్థలతో, అనుమతించిన అవసరాలకే చేయాలి. విదేశాల్లో ట్రేడింగ్ మార్జిన్ కోసం డబ్బు పంపడానికి, సామాన్యులు విదేశాలకి డబ్బు పంపుకునేందుకు ఉన్న ఎల్ఆర్ఎస్ పథకం ఒప్పుకోదు. 2022 ఫిబ్రవరి 3న రిజర్వు బ్యాంకు ఈ యాప్‌ల గురించి హెచ్చరిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 7న 34 పేర్లతో ఒక అలర్ట్ లిస్టు పెట్టింది, తర్వాత దాన్ని పెంచుతూ వచ్చింది. బినోమో, ఒలింప్ ట్రేడ్, ఐక్యూ ఆప్షన్, ఎక్స్‌పర్ట్ ఆప్షన్, ఆక్టాఎఫ్ఎక్స్ మొదటి జాబితాలోనే ఉన్నాయి. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని రిజర్వు బ్యాంకే చెప్పింది. 'మాకు ఫలానా ద్వీపం లైసెన్సు ఉంది' అని యాప్ చూపించే సర్టిఫికెట్టు మన దేశంలో చెల్లదు. కరెన్సీ ట్రేడింగ్ ఎన్ఎస్ఈ, బీఎస్ఈ లాంటి ఎక్స్ఛేంజీల్లో ఉంది, అదీ నిజంగా విదేశీ చెల్లింపుల అవసరం ఉన్నవాళ్లు తమ నష్టభయం తగ్గించుకోవడానికే. ఈ షరతుని రిజర్వు బ్యాంకు 2024లో మరింత తేటగా చెప్పింది. బైనరీ ఆప్షన్ అనే సరుకు మన ఏ ఎక్స్ఛేంజీలోనూ లేదు. ఫెమా ఉల్లంఘన తేలితే సంబంధిత మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా ఉండొచ్చు.

మోసపోయారని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వాలి. మొదటి కొన్ని గంటలే కీలకం, ఎందుకంటే డబ్బు అద్దె ఖాతాల గొలుసులో ఆగిన చోటే దాన్ని పట్టుకోగలరు, ఏటీఎంలో తీసేశాకో క్రిప్టోగా మారాకో పట్టుకోలేరు. ప్రతి చెల్లింపుకీ యూటీఆర్ నంబరు, ఎదుటివాడి యూపీఐ ఐడీ, క్యూఆర్ స్క్రీన్‌షాట్, చాట్ మొత్తం దగ్గర పెట్టుకోవాలి. కోపంతో యాప్ డిలీట్ చేసేవాళ్లు ఎక్కువమంది, దాంతో ఆధారం కూడా పోతుంది.

ఖాతా ఆగిపోయినవాడి దారి వేరే. బ్యాంకు బ్రాంచిలో గొడవపడితే పని జరగదు, మేనేజరు తనంతట తాను దాన్ని విప్పలేడు. ఏ రాష్ట్రం పోలీసులు, ఏ ఫిర్యాదు నంబరు మీద, ఎంత మొత్తానికి ఆపమన్నారో బ్యాంకుని రాతపూర్వకంగా అడగాలి. ఆ ఫిర్యాదు మొత్తం ఆరువేలే అయితే అంతవరకే నిలిపి మిగతా ఖాతా తెరవమని ఆ దర్యాప్తు అధికారికి ఈమెయిల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, అధికారి ఒప్పుకోకపోతే కోర్టుని ఆశ్రయించొచ్చు. అర్జీలో డబ్బు ఎలా వచ్చిందో రాయాల్సిన చోట, స్నేహితుడు పంపాడని అబద్ధం రాయకూడదు. ఆ స్నేహితుడి పేరు అడుగుతారు, పంపిన ఖాతా ఎవరిదో వాళ్ల దగ్గర అప్పటికే ఉంటుంది. ఏ యాప్‌లో, ఎప్పుడు విత్‌డ్రా పెట్టాడో యాప్‌లోని హిస్టరీతో సహా ఉన్నదున్నట్టు ఇవ్వాలి. ఇచ్చే ముందు ఒక లాయర్‌కి చూపించుకుంటే మంచిది, ఎందుకంటే ఆ కాగితం ఫెమా వైపు నుంచి చూస్తే అతని సొంత ఒప్పుకోలు కూడా అవుతుంది.